అందరూ కోపమనుకున్నారు

ఆ వానాకాలం మొదలైన నాలుగో రోజున, కుమ్‌సోల్ సొరంగం మధ్యలో, నేను చచ్చిపోతున్నాననుకున్నాను. బస్సులో పదకొండు మంది ఉన్నారు. ఒక్కరికీ తెలియలేదు.

అప్పటికి పందొమ్మిదేళ్ళుగా ఆ దారిలో బస్సు నడుపుతున్నాను. పట్నంలో బయల్దేరి, కొండ కింద రెండు మైళ్ళకు తక్కువ కాని సొరంగం దాటి, అవతలి లోయలో ఉన్న పల్లెలన్నీ తిరిగి రావడం నా పని. కళ్ళు మూసుకుని కూడా నడపగలనని తోటి డ్రైవర్ల దగ్గర కోతలు కోసేవాణ్ణి. ఆ రోజు సంత. ముసలమ్మలంతా మూటలతో ఎక్కారు. సొరంగంలో సగం దూరం వెళ్ళేసరికి ముందెక్కడో లారీ ఆగిపోయి, బళ్ళన్నీ వరసగా నిలిచిపోయాయి.

మొదట వేళ్ళు తిమ్మిరెక్కాయి. స్టీరింగ్ మీద అవి నావి కావన్నట్టున్నాయి. తరవాత గుండె. పరిగెత్తినప్పుడు కొట్టుకున్నట్టు కాదు, తలుపు మీద ఎవరో పిడికిళ్ళతో బాదుతున్నట్టు కొట్టుకుంది. గాలి పీలుస్తున్నాను, చాలడం లేదు. ఇంకా గట్టిగా పీలుస్తున్నాను, ఇంకా చాలడం లేదు. పైన పసుపు లైట్లు దగ్గరికి జరిగినట్టయింది. గుండెపోటు ఇలాగే వస్తుంది కాబోలు, ఈ పదకొండు మందినీ ఏ గోడకో గుద్దేస్తానేమో అనుకున్నాను. బండి ఆగి ఉందన్న సంగతి కూడా గుర్తులేదు.

వెనక నుంచి ఒక అవ్వ, "డ్రైవరు బాబూ, కాస్త కిటికీ తియ్యమంటావా? ఉక్కగా ఉంది," అంది.

"కూర్చోండి!" అని అరిచాను. "ఎవ్వరూ దేన్నీ ముట్టుకోకండి! చెప్తే అర్థం కాదా?"

బస్సంతా గప్‌చుప్. అరిచాక అర నిమిషం పాటు నాకు హాయిగా ఉంది. ఒంట్లో ఎగదన్నుతున్నదానికి బయటికి పోవడానికో దారి దొరికినట్టయింది. ఆ అర నిమిషమే నన్ను పాడుచేసింది. భయపడ్డవాడు చెయ్యగలిగింది ఒకటుందని, అది కోపమని నా ఒళ్ళు ఆ రోజే నేర్చుకుంది.

పావుగంటకు బళ్ళు కదిలాయి. సొరంగం దాటగానే వాన మొహాన కొట్టింది, ఊపిరి దానంతట అదే సర్దుకుంది. దిగేటప్పుడు అవ్వలెవరూ ఎప్పట్లా "పోయొస్తాం బాబూ" అనలేదు.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా ఆస్పత్రికి వెళ్ళాను. గుండెకు తీగలు తగిలించి గీతలు తీశారు, రక్తం తీశారు. కుర్ర డాక్టరు కాగితాలు చూసి, "గుండె బ్రహ్మాండంగా ఉంది. మనసులో ఏదైనా దిగులు ఉందా?" అని అడిగాడు.

"నాకెందుకుంటుంది దిగులు?" అన్నాను.

ఆ మాటన్న గొంతు విని అతను ఇక అడగలేదు. గుండె బాగానే ఉందంటే సంతోషించాలి. నాకు మాత్రం సిగ్గేసింది. గుండె జబ్బయినా బాగుండేది, పదిమందికీ చెప్పుకునేది. ఏమీ లేకుండా చచ్చిపోతున్నట్టు వణికానని తెలిస్తే ఈ ప్యో కీతేక్ మొహం జనం ఎలా చూస్తారు?

*

ఇంట్లో మేం ముగ్గురం. నా భార్య కుమ్‌రన్ బడిలో మధ్యాహ్న భోజనాలు వండే చోట పని చేస్తుంది. కూతురు సోదమ్‌కి అప్పుడు పదిహేడేళ్ళు.

జులై మొదటి వారంలో ఒక సాయంత్రం కుమ్‌రన్ ఇంటికి నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చింది. మామూలు రోజుల్లో అయితే టీవీ చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ రోజు పొద్దుటి నుంచీ కొండ జారుతుందని రేడియోలో చెప్తూనే ఉన్నారు. బడి నుంచి మా ఇంటికి వచ్చే దారిలో ఒక చోట కొండను నిట్టనిలువుగా కోశారు. అయిదు నిమిషాలు దాటగానే ఆ మట్టి నా కళ్ళకు కట్టింది. పది నిమిషాలకు ఆమె చిన్న కారు దాని కింద ఉంది. ఫోన్ చేశాను, తియ్యలేదు. మళ్ళీ చేశాను. ఇరవై నిమిషాలకు చావు కబురు సోదమ్‌కి ఎలా చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. ఇది అతిగా ఉందని తెలుసు. తెలిస్తే మాత్రం ఆగుతుందా?

తలుపు తీసుకుని కుమ్‌రన్ లోపలికి వచ్చింది. గొడుగు దులుపుకుంటూ, "అబ్బ, ఏం వాన! పెద్ద గిన్నెలన్నీ తోమించేసరికి..." అంటోంది.

బతికే ఉంది. పరుగున వెళ్ళి చెయ్యి పట్టుకోవాల్సిన మనిషిని, "ఫోనెందుకు కొనుక్కున్నావు? అలంకారానికా?" అన్నాను.

"చేతులు తడిగా ఉన్నాయండీ. సంచిలో..."

"ఇంట్లో మనుషులున్నారన్న ధ్యాస ఉందా నీకు? ఎప్పుడైనా ఉందా?"

ఆమె మాట్లాడకుండా సోయా పులుసు వేడి చేసి పెట్టింది. ముగ్గురం కూర్చున్నాం. గుండె దడ ఇంకా దిగలేదు. ఆమె బతికున్నా అది దిగడం లేదు. సోదమ్ నెమ్మదిగా, "నాన్నా, అమ్మ గంట కూడా ఆలస్యం కాలేదు," అంది. నేను బల్ల మీద చరిచాను. పులుసు గిన్నె ఎగిరి కింద పడి పగిలింది. సోదమ్ కాలి మీద వేడి పులుసు చిందింది.

అది అరవలేదు. కాలు తుడుచుకుని, తన అన్నం గిన్నె తీసుకుని, గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి అది గదిలోనే తింటోంది.

కుమ్‌రన్ పెంకులు ఏరుతూ తలెత్తకుండా అడిగింది. "నా మీద ఏదైనా ఉంటే మొహం మీదే చెప్పండి. ఏం చేశాను?"

"ఏం లేదు."

"ఏం లేకపోతే ఇదంతా ఏమిటి?"

"ఏం లేదన్నానా!"

తరవాత వారాల్లో మా ఇంట్లో నేను ఎక్కువగా వాడిన మాట అదే. నిద్ర రాదా అంటే ఏం లేదు. ఎందుకు తినడం లేదంటే ఏం లేదు. కొన్నాళ్ళకు అడగడం మానేశారు. అప్పుడు ఇంట్లో వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించేది కాదు. పక్క గదిలో తల్లీ కూతుళ్ళు గుసగుసగా నవ్వుకుంటుంటే నేను చెప్పులు చప్పుడు చేసుకుంటూ అటు వెళ్ళేవాణ్ణి. నవ్వు ఆగిపోయేది. నాకు కావలసింది అక్కడ కూర్చోవడం. చేతనైంది మాత్రం ఆ చప్పుడు చెయ్యడమే.

మందు తాగి పడుకుందామన్నా కుదరదు. బండి తీసే ముందు రోజూ గొట్టంలో ఊదాలి. పొద్దున నాలుగింటికే లేచి, గ్యాస్ కట్టేసి ఉందో లేదో చూసి, మళ్ళీ చూసి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కొచ్చి చూసేవాణ్ణి. డ్యూటీకి రెండు గంటల ముందే డిపోకి వెళ్ళి ఖాళీ బస్సులో వెనక సీట్లో కూర్చునేవాణ్ణి. ప్రపంచంలో నాకు కాస్త కుదురుగా ఉన్న చోటు అదొక్కటే.

భయం సొరంగంలోనే ఉండిపోతుందనుకున్నాను. అది నాతో పాటు బయటికొచ్చింది. మొదట సొరంగం, తరవాత ఏటి మీద పొడుగు వంతెన, ఆ తరవాత మంగలి కుర్చీ. మెడ చుట్టూ గుడ్డ బిగించగానే సగం జుట్టుతో లేచి వచ్చేశాను. హోటల్లో తలుపు పక్క బల్ల ఖాళీ లేకపోతే ఆకలి లేదనేవాణ్ణి. ఒక్కోటి వదులుకున్నప్పుడల్లా ఆ పూటకు ప్రాణం తెరిపిన పడేది. మర్నాటికి వదులుకోవలసింది ఇంకొకటి తయారయ్యేది.

సొరంగం ట్రిప్పులు తోటి డ్రైవరు మో సాంగ్‌చల్‌కి ఇచ్చేసి అతని ఏటిగట్టు ట్రిప్పులు నేను తీసుకున్నాను. మో నాకన్నా పదేళ్ళు పెద్ద, మేమంతా అన్నా అని పిలిచేవాళ్ళం. "నడుం నొప్పి అన్నా, ఆ ఎత్తుపల్లాలు పడటం లేదు," అన్నాను.

"ఏటిగట్టు మీద గుంతలు ఎక్కువ కదరా," అన్నాడు. అయినా మార్చుకున్నాడు.

*

జులై ఆఖర్లో మో బండికి రెండు రోజులు రిపేరు పడింది. మేనేజరు నన్నే సొరంగం దారిన వెళ్ళమన్నాడు. ఎనిమిది మంది ఎక్కారు. కొండ దగ్గర పడుతున్నకొద్దీ వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కడం మొదలుపెట్టాయి. సొరంగం నోరు కనబడింది. దానికి వంద గజాల ముందు ఎడమ పక్కకు పాత కనుమ దారి ఉంది. సొరంగం తవ్వాక ఆ దారిన పుట్టగొడుగులు ఏరుకునేవాళ్ళు తప్ప ఎవరూ వెళ్ళరు.

"సొరంగంలో నీళ్ళు నిలిచాయట. పై నుంచి వెళ్తున్నాం," అని అరిచి స్టీరింగ్ ఎడమకు తిప్పాను.

డ్రైవరు చెప్తే నమ్ముతారు మరి.

మూడో మలుపు దాటాక పొగమంచు కమ్మింది. నాలుగో మలుపులో, దారికి అడ్డంగా ఒక దేవదారు చెట్టు మట్టితో సహా పడి ఉంది. మట్టి ఇంకా కారుతోంది. చిన్న రాళ్ళు బస్సు పైకప్పు మీద టకటకమంటున్నాయి. తిప్పుకునే జాగా లేదు. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు. అద్దాల్లో చూసుకుంటూ, అరచేతి వెడల్పు సందుతో, అర కిలోమీటరు వెనక్కి నడిపాను. వెనక సీట్లో అవ్వ ఒకామె బుద్ధుడి పేరు గొణుగుతోంది.

ఆ అర కిలోమీటరూ నా గుండె చాలా నింపాదిగా కొట్టుకుంది. చెయ్యి వణకలేదు. నిజంగా చావు పక్కనున్నప్పుడు నేను ఎప్పటి ప్యో కీతేక్‌నే. కిందికి దిగి, సొరంగం నోటి ముందు బండి ఆపాక, రోడ్డు పొడిగా, లైట్లు వెలుగుతూ, ఏ ప్రమాదమూ లేని ఆ దారి చూడగానే కాళ్ళు చచ్చుబడ్డాయి. ఎనిమిది మంది ప్రాణాలు ఎందుకు పణంగా పెట్టానో నాకప్పుడు తెలిసింది. బండిని పక్కకు లాగి మోకి ఫోన్ చేశాను.

"అన్నా, నడుం పట్టేసింది. కాస్త రాగలవా?"

అవతలి పల్లెలో అతని బండి రిపేరు అప్పుడే అయిందట. ఇరవై నిమిషాల్లో సొరంగంలోంచే వచ్చాడు. మా అవ్వలు అతని బస్సులోకి మారుతుండగా ఒకామె నిలదీసింది. "అదేమిటి, లోపల నీళ్ళున్నాయన్నాడుగా ఈ బాబు?"

మో నా వైపు చూశాడు. నా బురద టైర్ల వైపు చూశాడు. కనుమ దారి వైపు చూశాడు.

"ఇప్పుడే తోడేశారు అమ్మమ్మా, పద పద," అన్నాడు.

అతని బస్సు ఎర్ర లైట్లు సొరంగంలో చిన్నవై పోయేదాకా చూశాను. తరవాత ఖాళీ బస్సులో, వానలో, ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. ఎవరికైనా ఫోన్ చేద్దామని తీసి, పేర్లన్నీ పై నుంచి కిందికి చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.

*

మర్నాడు మధ్యాహ్నం డ్యూటీ దిగాక మో, "స్నానాలకి పోదాం రా. నీ వీపు రుద్దుతా. నడుం నొప్పన్నావుగా," అన్నాడు. తప్పించుకునే దారి దొరకలేదు.

ఆ వేళప్పుడు స్నానశాలలో ఎవరూ లేరు. వేణ్ణీళ్ళ తొట్టిలో నాని, పొట్టి పీటల మీద కూర్చున్నాం. అతను నా వెనక. గరుకు గుడ్డతో వీపు రుద్దడం మొదలుపెట్టాడు. ఎదురుగా అద్దం ఉంది కానీ ఆవిరి పట్టి ఏమీ కనబడటం లేదు.

"నాకు లిఫ్టులో వచ్చేది," అన్నాడు.

"ఏమిటి?"

"ఆరేళ్ళ కిందట. మా వదినగారిల్లు పద్నాలుగో అంతస్తు. మెట్లెక్కి వెళ్ళేవాణ్ణి. ఏమిటయ్యా అంటే వ్యాయామం అనేవాణ్ణి. ఈ పొట్టేసుకుని వ్యాయామం! రాత్రిళ్ళు నిద్దర్లేదు, ఊరికే చిరాకు, ఇంట్లో ఉండబుద్ధి కాదు. ఆర్నెల్లు మా ఆవిడ నేను ఎవర్నో ఉంచుకున్నాననుకుంది. చొక్కాలు వాసన చూసేది పాపం."

నవ్వొచ్చింది. నవ్వుతూనే దోసెడు నీళ్ళు మొహాన కొట్టుకున్నాను. అతను చూడనట్టే రుద్దుతున్నాడు. నిజానికి అతనికి నా మొహం కనబడటం లేదు కూడా.

"నాకు ముందు మెడ దగ్గర పట్టేది. నీకెక్కడ?"

"ఎందుకొచ్చింది," అని అడిగుంటే ఏం లేదనేవాణ్ణి. "భయమేస్తోందా," అంటే లేచిపోయేవాణ్ణి. ఎక్కడ అన్నాడు. దానికి జవాబుంది.

"వేళ్ళు," అన్నాను.

"తరవాత?"

"గుండె. ఊపిరి చాలదు. చచ్చిపోతున్నట్టుంటుంది."

"ఎంతసేపు?"

"పది నిమిషాలు. ఒక్కోసారి పావుగంట. తరవాత పోతుంది. మళ్ళీ వస్తుందేమోనన్న బెంగ మాత్రం పోదు అన్నా, రోజంతా ఉంటుంది."

"ఊఁ," అన్నాడు. ఇది చెయ్యి, అది తిను, ధైర్యంగా ఉండు అని ఏమీ అనలేదు. వీపు మీద చెంబుడు నీళ్ళు పోశాడు. అతను అడక్కుండానే అన్నీ చెప్పాను. మంగలి కుర్చీ, గ్యాస్ పొయ్యి, పగిలిన గిన్నె, అన్నీ. చెప్పినంతసేపూ నేల మీద పారే నీళ్ళనే చూశాను.

అంతా విని, గుడ్డ పిండుతూ అన్నాడు. "నిన్న ఎనిమిది మందిని కనుమ ఎక్కించావు. ఆ సంగతి మేనేజరుకి నువ్వు చెప్తావా, నేను చెప్పాలా?"

వెనక్కి తిరిగాను. అతని మొహంలో కోపం లేదు.

"నా ఉద్యోగం..."

"తెలుసురా. రేపు సాయంత్రం దాకా ఆగుతా. నువ్వే చెప్పు. నాకూ వైద్యం చేసింది మన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలోనే. ఎవరూ కొరుక్కుతినరు. కానీ ముందు ఇంట్లో చెప్పు."

"ఎలా చెప్పాలి?"

"ఎదురెదురుగా కూర్చోకు, మాట రాదు. కారులో చెప్పు, ఇద్దరూ రోడ్డు చూస్తూ ఉంటారు. భయం అన్న ముక్క నోట్లోంచి రాకపోతే వేళ్ళు అను. అక్కణ్ణుంచి మొదలెట్టు." లేచి, "ఇప్పుడు నా వీపు రుద్దు. ఊరికే ఏం కాదు," అన్నాడు.

*

ఆ మర్నాడు నాలుగింటికి బడి దగ్గరికి వెళ్ళాను. తన కారు సర్వీసుకిచ్చిందని తెలుసు. నన్ను చూసి కుమ్‌రన్ మొహంలో మొదట కనబడింది సంతోషం కాదు, ఏమైందోనన్న బెదురు.

వైపర్లు ఆడుతున్నాయి. రెండు సిగ్నళ్ళు దాటాం. మూడోది దాటాక అన్నాను.

"నా వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి."

"డాక్టరుకి చూపించారా?"

"చూపించాను. గుండె బాగుందన్నారు. సొరంగంలో ఊపిరాడటం లేదు. వానాకాలం మొదట్నుంచీ. వంతెన మీద కూడా." వైపర్ల వేగం పెంచాను. "ఆ రోజు నువ్వు ఆలస్యంగా వచ్చినప్పుడు నాకు కోపం లేదు కుమ్‌రన్. కొండ విరిగి నీ మీద పడిందనుకున్నాను. భయమేసింది."

ఆమె చాలాసేపు మాట్లాడలేదు. మాట్లాడకపోతే ఎంత భారంగా ఉంటుందో నాకు ఆ అయిదు నిమిషాల్లో తెలిసింది. ఆమె దాదాపు నెల రోజులు మోసింది అదే.

"పక్కకాపండి," అంది.

కూరల దుకాణం ముందు ఆపాను.

"బియ్యం కడుగుతూ రోజూ ఆలోచించేదాన్ని," అంది, అద్దం మీద నీళ్ళ చారల్ని చూస్తూ. "ఏం మాటన్నాను, ఏం పని మరిచిపోయాను అని. మీ కాళ్ళ చప్పుడును బట్టి ఈ పూట ఎలా ఉంటుందో చూసుకునేదాన్ని. భయమని చెప్తే ఫోన్ చేసేదాన్ని కదా? బయల్దేరా, వచ్చేస్తున్నా అని ఒక్క ముక్క. గిన్నె పగలగొడితే నాకేం తెలుస్తుంది?"

"తెలీదు."

"మీకు భయం, సరే. మరి మాకో?"

ఆమె ఏడ్చింది. నేను భుజం మీద చెయ్యి వెయ్యబోతే కొంచెం పక్కకు జరిగింది. కాసేపయ్యాక కళ్ళు తుడుచుకుని, "ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?" అంది.

"ఏమీ వద్దు. విను."

"వింటున్నాను," అంది. గొంతులో కోపం అలాగే ఉంది. కానీ విన్నది. ఆ సాయంత్రమే నేను డిపోలో మేనేజరు గదిలోకి వెళ్ళి వచ్చేదాకా కారులోనే కూర్చుంది.

మేనేజరు ముందు తిట్టాడు. ఆ తిట్లన్నీ నాకు చెందినవే. తరవాత బండి తాళాలు తీసుకుని, డాక్టరు కాగితం తెచ్చేదాకా బస్సులు కడిగే పనిలో వేశాడు. డిపోలో అందరికీ తెలిసింది. కొందరు భోజనాల వేళ నా బల్ల దగ్గర కూర్చోవడం మానేశారు. "సొరంగం దొరగారు" అని ఒకడు పేరు పెట్టాడు. వాళ్ళలోనే ఇంకొకతను ఎవరూ లేనప్పుడు వచ్చి, బస్సు అద్దం తుడుస్తున్నట్టు నిలబడి, ఆ ఆరోగ్య కేంద్రం ఎన్ని గంటలకు తెరుస్తారని అడిగాడు.

ఆరోగ్య కేంద్రంలో కౌన్సెలింగ్ చేసే ఆవిడను చూ గారనేవాళ్ళు, యాభై ఏళ్ళుంటాయి. నిద్ర గురించి, తాగుడు గురించి అడిగింది. చనిపోవాలని ఎప్పుడైనా అనిపించిందా అని కూడా సూటిగా అడిగింది. ఉలిక్కిపడ్డాను. "లేదండీ, చచ్చిపోతానేమోనన్న భయమే," అన్నాను. "అది వేరు, అయినా అడగాలి," అంది.

దాన్ని పానిక్ అటాక్ అంటారని చెప్పింది. ప్రమాదం లేకపోయినా ఒళ్ళు ప్రమాదమనుకుని పరుగుకి సిద్ధమవుతుందట. గబగబా ఎక్కువ గాలి పీల్చడం వల్లే వేళ్ళు తిమ్మిరెక్కుతాయట. దాన్ని ఏమీ చెయ్యకపోయినా కాసేపటికి దానంతట అదే దిగుతుందట. "మీరు పారిపోయిన ప్రతిసారీ, పారిపోయాను కాబట్టే బతికానని మీ ఒళ్ళు నేర్చుకుంటుంది. అరిచినా అంతే. ఉండిపోయి, అది దిగడం చూస్తేనే ఇంకోటి నేర్చుకుంటుంది," అంది. ఊపిరి పీల్చే దానికన్నా వదిలేది నెమ్మదిగా వదలమంది. భయం ఎంతుందో సున్నా నుంచి పది దాకా ఒక అంకె చెప్పడం నేర్పింది. డాక్టరు మాత్రలు రాసి, అవి ఒంటికి పట్టేదాకా బండి ముట్టుకోవద్దన్నాడు.

ఆగస్టులో మో బస్సులో ముందు సీట్లో కూర్చుని సొరంగంలోకి వెళ్ళడం మొదలుపెట్టాను. "ఎంత?" అనేవాడు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా. "తొమ్మిది." కొంతదూరం పోయాక, "ఎంత?" "తొమ్మిదే." "సరే." అంతే మాట. మొదటి రోజు అవతల దిగేసరికి ఆరు. చొక్కా తడిసి ముద్దయింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాం. వారం రోజులు ఏమీ మారలేదు. పదో రోజున మధ్యలో అయిదుకి దిగింది. పదిహేనో రోజున మళ్ళీ తొమ్మిదికి పోయింది. ఎందుకో చూ గారికీ తెలియదు, నాకూ తెలియదు. "రేపు వస్తావుగా?" అన్నాడు మో. వచ్చాను.

కుమ్‌రన్ బడి నుంచి బయల్దేరేటప్పుడు ఫోన్ చేస్తుంది. "బయల్దేరా," అంటుంది, పెట్టేస్తుంది. అంతకు మించి మా మధ్య మాటలు ఇంకా రాలేదు. చూ గారు ఆ ఫోన్ కూడా మెల్లగా తగ్గించుకోవాలంది. అవును, తగ్గించుకోవాలి.

*

వానలు వెనకబట్టి, సాయంత్రాలు చల్లబడ్డ సెప్టెంబరులో ఒక రోజు సోదమ్ గది తలుపు తట్టాను. అప్పటికి రెండు నెలలుగా అది గదిలోనే తింటోంది. నేను కనబడితే "తిన్నాను," "వెళ్తున్నాను," అనే రెండు మాటలే.

"తీసే ఉంది," అంది.

బల్ల ముందు కూర్చుని లెక్కలు చేస్తోంది. గదిలో కూర్చోవడానికి ఇంకో కుర్చీ లేదు. నేల మీద, మంచానికి వీపు ఆనించి కూర్చున్నాను. దాని వీపు నా వైపు ఉంది.

"ఆ గిన్నె పగిలిన రోజు," అన్నాను. "నీ మీద కోపం కాదమ్మా."

"తెలుసు. అమ్మ చెప్పింది." పెన్సిల్ ఆగింది. "నీకు భయమేసిందట."

"అవును."

"నాకది కనబడలేదు నాన్నా. నాకు కనబడింది కోపమే. నువ్వు ఇంటికొచ్చే టైముకి నేను స్నానానికి వెళ్ళేదాన్ని, ఎందుకో తెలుసా? నీళ్ళ చప్పుడుకి ఏమీ వినబడదని." ఆగింది. "నాకు నువ్వంటే భయమేసేది."

సంజాయిషీ గొంతుదాకా వచ్చింది. నేను జబ్బు పడ్డానని, కావాలని చెయ్యలేదని. మింగేశాను. అన్నీ నిజమే, కానీ అది చెప్పిన మాటకు ఏదీ జవాబు కాదు. నా గుండె బాదుకోవడం మొదలుపెట్టింది. పెట్టనీ అనుకున్నాను.

"ఎంత భయం?" అని అడిగాను. "పదికి."

అది కుర్చీలో కొంచెం పక్కకు తిరిగింది. తమాషా చేస్తున్నానేమోనని చూసింది. చెయ్యడం లేదు.

"ఎనిమిది," అంది.

ఎనిమిదంటే ఏమిటో నాకు తెలుసు. మా ఇంట్లో నా తరవాత ఎవరికైనా బాగా తెలుసంటే దానికే తెలుసు. ఈ గోడకు ఆ పక్క నేను ఒంటరిగా ఉన్నాననుకున్న రాత్రులన్నిటా, ఈ పక్క పదిహేడేళ్ళ పిల్ల ఎనిమిదితో పడుకుంది.

"తప్పయిపోయింది," అన్నాను.

వంటింట్లోంచి బియ్యం కడుగుతున్న చప్పుడు వస్తోంది. సోదమ్ మళ్ళీ లెక్కలోకి తిరిగింది, కానీ పెన్సిల్ కదల్లేదు. నేను లేచి వెళ్ళిపోలేదు. అదీ వెళ్ళమనలేదు.

"మరి ఇప్పుడు?" అన్నాను, కాసేపయ్యాక.

చాలాసేపు ఆలోచించింది. నన్ను సంతోషపెట్టడానికి చెప్పకూడదని ఆలోచిస్తోందని దాని మెడ చూస్తే తెలిసింది.

"అయిదు," అంది. "రేపు మళ్ళీ అడుగు."